సంచులు నిండాయి, కణం ఆకలితోనే ఉంది: ఒక ఆటోఫజీ కేస్ స్టడీ

నేపథ్యం

కండరాల బలహీనత క్రమంగా పెరుగుతున్న ఒక యువ రోగి చర్మం నుంచి తీసిన ఫైబ్రోబ్లాస్టు కణాలు మా ప్రయోగశాలకు వచ్చాయి. కండరం ముక్కను పరీక్షించినప్పుడు కణాల లోపల సంచుల్లాంటి ఖాళీలు, వాటి పక్కనే, పారేయాల్సినవన్న గుర్తుగా యుబిక్విటిన్ తగిలించిన ప్రోటీన్ ముద్దలు కనిపించాయని పంపిన వైద్యులు రాశారు. రోగి ఎవరో తెలిసే వివరాలన్నీ వదిలేస్తున్నాను. జన్యువు పేరు కూడా చెప్పడం లేదు. ఆ లోపం ఉన్నవారు చాలా కొద్దిమంది, పేరు చెబితే మనిషిని చూపించినట్టే.

వైద్యులు అడిగింది ఒకటే ప్రశ్న. ఈ కణాల్లో ఆటోఫజీ, అంటే కణం తన లోపలి సరుకునే మూటకట్టి కరిగించి తిరిగి వాడుకోవడం, ఎక్కువైందా, తక్కువైందా? ఎక్కువైతే తగ్గించే మందు గురించి, తక్కువైతే పెంచే మందు గురించి ఆలోచించాలని వారి ఉద్దేశం. ప్రశ్న సూటిగానే ఉంది. కానీ దానికి మేం ఇచ్చిన మొదటి సమాధానం తప్పు. ఆ తప్పు ఎలా జరిగింది, ఎలా బయటపడింది అన్నది ఈ రంగంలో కొత్తగా పనిచేస్తున్నవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ముందు, ఆరోగ్యంగా ఉన్న కణం ఆకలిని ఎలా ఎదుర్కొంటుందో చెప్పాలి. అమైనో ఆమ్లాలు అందుతున్నంతకాలం ఎంటార్ అనే ఎంజైమ్ సముదాయం చురుగ్గా ఉండి, ఆటోఫజీని మొదలుపెట్టే యూఎల్‌కే1ను అణచి ఉంచుతుంది. తిండి ఆగిన కొద్ది నిమిషాల్లోనే ఆ అణచివేత తొలగిపోతుంది. అప్పుడు కణద్రవ్యంలో గిన్నె ఆకారంలో ఒక జంట పొర పుడుతుంది. అది అంచుల వైపు పెరుగుతూ, ఎదురైన రైబోజోములను, ప్రోటీన్లను, కణాంగాల ముక్కలను లోపలికి తీసుకుని మూసుకుంటుంది. ఇదే ఆటోఫాగోజోమ్. వ్యాసం సుమారు అర మైక్రోమీటరు నుంచి ఒకటిన్నర మైక్రోమీటర్ల వరకు ఉంటుంది. అది వెళ్లి లైసోజోముతో కలిసిపోతుంది. లైసోజోము లోపలి పీహెచ్ 4.5 నుంచి 5 మధ్య ఉంటుంది. ఆ పులుపులోనే పనిచేసే ఎంజైములు సరుకును ముక్కలు చేస్తాయి. విడుదలైన అమైనో ఆమ్లాలు లైసోజోము పొర దాటి కణద్రవ్యంలోకి తిరిగి వస్తాయి. కణం వాటితో ఆ పూటకు అవసరమైన ప్రోటీన్లను కట్టుకుంటుంది.

ఇందులో మూడు ఘట్టాలు ఉన్నాయి: మూటకట్టడం, చేరవేయడం, తిరిగి ఇవ్వడం. మొదటిది కంటికి బాగా కనిపిస్తుంది. కణానికి కావలసింది మాత్రం మూడోది. మా పొరపాటు మొత్తం ఈ తేడాలోనే ఉంది.

కనిపించిన సమస్య

ఈ కణాల మీద పనిచేసిన పరిశోధక విద్యార్థిని చాలా జాగ్రత్తపరురాలు. మొదటి నెలలోనే మంచి చిత్రాలు తెచ్చింది. ఆటోఫాగోజోమ్ పొరకు అతుక్కునే ఎల్‌సీ3 అనే ప్రోటీనుకు ఆకుపచ్చ రంగు వేసి చూస్తే, ఆరోగ్యవంతుల కణాల్లో పది పన్నెండు చుక్కలు ఉన్నాయి. రోగి కణాల్లో లెక్కపెట్టలేనన్ని ఉన్నాయి. కేంద్రకం చుట్టూ గుంపుగా, ఒకదాని మీద ఒకటి పడి, ఆ భాగమంతా పచ్చగా వెలిగిపోతోంది. అదీ నిండుగా పోషకాలున్న మీడియంలో, కణం ఆకలితో ఉండాల్సిన పనే లేని స్థితిలో.

ప్రోటీన్లను జెల్‌లో పరిమాణం ప్రకారం విడదీసి, మెంబ్రేన్ మీదికి ఎక్కించి చూసే వెస్టర్న్ బ్లాట్ కూడా అదే చెప్పింది. ఎల్‌సీ3 రెండు బ్యాండ్లుగా కనిపిస్తుంది. కణద్రవ్యంలో తిరిగేది మొదటి రూపం. పొరలోని కొవ్వు అణువుకు అతుక్కున్నది రెండో రూపం. కొవ్వు తగిలించుకున్నది బరువెక్కువైనా జెల్‌లో వేగంగా కిందికి జారుతుంది. అందుకే పైన 16 కిలోడాల్టన్ల దగ్గర కనిపించేది తేలికైన మొదటి రూపం, కింద 14 దగ్గర కనిపించేదే ఆటోఫాగోజోముల గుర్తు. కొత్తవారు ఈ రెండింటినీ తారుమారు చేయడం నేను చాలాసార్లు చూశాను. ఇంత చిన్న ప్రోటీన్లు మామూలు మెంబ్రేన్‌లోంచి అవతలికి వెళ్లిపోతాయి కాబట్టి 0.2 మైక్రోమీటర్ల రంధ్రాలున్నది వాడాలి. ఆమె ఇవన్నీ సరిగ్గానే చేసింది. రోగి కణాల్లో కింది బ్యాండ్ నాలుగు రెట్లకు పైగా ముదురుగా ఉంది.

"మేడమ్, ఈ కణాలు తమను తామే తినేస్తున్నాయి. ఆటోఫజీ అదుపు తప్పింది," అంది.

నేనూ కాదనలేదు. కండరం కరిగిపోవడానికి అది చక్కగా సరిపోయే కథ. ఒక్క విషయం మాత్రం ఆ కథలో ఇమడలేదు. కణం తనను తాను అంతగా తింటుంటే ప్రోటీన్ ముద్దలు ఎందుకు మిగిలాయి? ముద్దలను పట్టుకుని ఆటోఫాగోజోములోకి చేర్చే పీ62 అనే ప్రోటీన్ సరుకుతోపాటే కరిగిపోతుంది. ఆటోఫజీ ఉధృతంగా సాగితే అది తగ్గాలి. ఈ కణాల్లో అది కూడా మూడు రెట్లు ఉంది. అక్కడే ఆగి ఆలోచించాల్సింది. కానీ పీ62 పరిమాణం ఆటోఫజీ మీద మాత్రమే ఆధారపడదు, కణం ఒత్తిడిలో ఉంటే ఆ జన్యువు కూడా ఎక్కువగా పనిచేస్తుంది. ఆమె ఎంఆర్ఎన్ఏ కొలిచి చూస్తే నిజంగానే పెరిగి ఉంది. "తయారీ ఎక్కువైంది, అందుకే ఎక్కువ కనిపిస్తోంది" అని సర్దిచెప్పుకున్నాం. ఎంఆర్ఎన్ఏ రెండు రెట్లకు చేరలేదు, ప్రోటీన్ మూడు రెట్లు దాటింది. ఆ తేడాను పట్టించుకోలేదు.

ప్రయత్నించినవి, విఫలమైనవి

అదుపు తప్పిన ఆటోఫజీ అనుకున్నాం కాబట్టి దాన్ని ఆపి చూడాలనుకున్నాం. 3-మిథైల్ అడెనిన్ అనే పాత రసాయనాన్ని ఎంచుకున్నాం. ఆటోఫాగోజోమ్ పొర పుట్టే చోట ఫాస్ఫేట్ కలిపిన ఒక కొవ్వును తయారుచేసే వీపీఎస్34 ఎంజైమును అది అడ్డుకుంటుంది. 5 మిల్లీమోలార్ గాఢతలో 24 గంటలు ఉంచాం. చుక్కలు తగ్గుతాయని, ముద్దలు ఎలా మారతాయో చూడవచ్చని ఆశ.

చుక్కలు తగ్గలేదు. ఆరోగ్యవంతుల కణాల్లో సైతం ఎల్‌సీ3 కింది బ్యాండ్ పెరిగింది. ఆరోగ్యవంతుల కణాల్లో కూడా తలకిందులుగా వచ్చింది కాబట్టే మందు మీద అనుమానం వచ్చింది. అవి లేకపోతే రోగి కణాల గురించి ఇంకో తప్పు కథ అల్లేవాళ్లం. కారణం తెలిసినదే, మేం గుర్తుచేసుకోలేదు. ఈ రసాయనం వీపీఎస్34ను కొన్ని గంటలు మాత్రమే గట్టిగా ఆపుతుంది. ఎంటార్‌ను చురుగ్గా ఉంచే దారిలోని మరో ఎంజైమును మాత్రం చాలాసేపు ఆపుతుంది. అందుకే పోషకాలు నిండుగా ఉన్న మీడియంలో రోజంతా ఉంచితే ఎంటార్ నెమ్మదించి, ఆటోఫజీ ఆగకపోగా పెరుగుతుంది. ఆకలి పెట్టిన కణాల మీద కొద్ది గంటల ప్రయోగానికి అది పనికొస్తుంది. మేం వాడిన తీరులో పనికిరాదు.

రెండో ప్రయత్నం ఆకలి పెట్టి చూడటం. అక్కడ చిన్న విషయం ఒకటి రెండు వారాలు తినేసింది. అమైనో ఆమ్లాలు, సీరం లేని లవణ ద్రావణంలో కణాలను ఉంచాలి. హ్యాంక్స్ ద్రావణం చేతిలో ఉంది, దాన్నే పోసి 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న ఇన్‌క్యుబేటర్‌లో పెట్టాం. గంటకే ద్రావణం ఎరుపు వదిలి పసుపు రంగుకు తిరిగింది. హ్యాంక్స్‌లో బైకార్బొనేట్ లీటరుకు 0.35 గ్రాములే, మామూలు గాలిలో వాడటానికి తయారైన ద్రావణం అది. ఇన్‌క్యుబేటర్ గాలిలో పులిసిపోతుంది. ఎర్ల్స్ ద్రావణంలో 2.2 గ్రాములు ఉంటుంది, ఆ గాలికి అదే సరిపోతుంది. పులిసిన ద్రావణంలో కణం చూపించేది ఆకలి ప్రతిస్పందనో, ఆమ్లానికి ప్రతిస్పందనో విడదీయలేం. ఆ ఫలితాలన్నీ పక్కన పెట్టేశాం. ఎర్ల్స్‌కు మారాక, పోసే ముందు మూడుసార్లు కడగడం మొదలుపెట్టాం. ఒక్కసారి కడిగితే పళ్లెం అంచుల్లో మిగిలే సీరం, ఎంటార్‌ను పూర్తిగా నిద్రపోనివ్వదు.

సరైన ద్రావణంలో నాలుగు గంటలు ఆకలి పెట్టినప్పుడు వచ్చిన బ్లాట్ చూసి విద్యార్థిని నిరుత్సాహపడింది. ఆరోగ్యవంతుల కణాల్లో ఎల్‌సీ3 కింది బ్యాండ్ పెరగలేదు, కొద్దిగా తగ్గింది కూడా. రోగి కణాల్లో ఇంకా పెరిగింది. "ఆరోగ్యంగా ఉన్నవి ఆకలికి స్పందించడం లేదు, జబ్బువి స్పందిస్తున్నాయి. ఇదెలా?" అని అడిగింది.

మలుపు

ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ సాయంత్రం గుర్తొచ్చింది యోషినోరి ఒసుమి చేసిన ఈస్ట్ ప్రయోగం. ఆకలి పెట్టిన ఈస్ట్ కణంలో ఆటోఫజీ జరుగుతోందని 1990ల తొలినాళ్లలో ఆయన మైక్రోస్కోపు కింద కళ్లారా చూడగలిగారు, తర్వాత 2016లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఆయన ఎంచుకున్న ఈస్ట్‌కు ఒక ప్రత్యేకత ఉంది: ఈస్ట్‌లో లైసోజోము పని చేసేది వాక్యూల్, వాటి వాక్యూల్‌లో ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైములు లేవు. మూటలు వాక్యూల్‌లోకి వచ్చి, కరగలేక, అటూ ఇటూ కదులుతూ కుప్పపడ్డాయి. అందుకే కనిపించాయి. ఎంజైములు ఉన్న మామూలు ఈస్ట్‌లో అవి వచ్చినవి వచ్చినట్టే కరిగిపోతాయి, చూడటానికి ఏమీ మిగలదు.

మా రోగి కణాల్లో చుక్కలు అంతలా కనిపించడానికీ అదే కారణం అయి ఉండవచ్చు. ఎల్‌సీ3 చుక్కలు తొట్టిలో నీటి మట్టం లాంటివి. కుళాయి ఎక్కువ తిప్పినా మట్టం పెరుగుతుంది, కింది రంధ్రం మూసుకుపోయినా పెరుగుతుంది. మట్టం ఒక్కటే చూసి రెండింట్లో ఏది జరిగిందో చెప్పలేం. తెలియాలంటే రంధ్రాన్ని మనమే కావాలని మూసి, మట్టం ఎంత పెరుగుతుందో చూడాలి. అంతకుముందు నీరు బయటికి పోతుంటే మూయగానే మట్టం పెరుగుతుంది. ఏమీ పోకుండా ఉంటే మూసినా తేడా రాదు.

ఆ రంధ్రాన్ని మూసే మందు బాఫిలోమైసిన్. లైసోజోములోకి ప్రోటాన్లను తోసే పంపును అది ఆపేస్తుంది. 100 నానోమోలార్ చొప్పున నాలుగు గంటలు వాడాం. అంతకంటే ఎక్కువసేపు ఉంచితే కణం ఇతర దారుల్లో మారిపోతుంది. ఆరోగ్యవంతుల కణాలు నిండుగా తిన్నప్పటి బ్యాండును 1 అనుకుంటే, మిగతావి ఇలా వచ్చాయి. ఆరోగ్యవంతుల్లో తిన్న స్థితిలో బాఫిలోమైసిన్ కలిపితే 2.5. ఆకలిలో 0.8, ఆకలితోపాటు బాఫిలోమైసిన్ ఉంటే 4.2. అంటే తిన్నప్పుడు నాలుగు గంటల్లో కరిగిపోతున్నది 1.5, ఆకలిలో 3.4. ఆకలికి వారి కణాలు రెండు రెట్లకు మించి స్పందించాయి. కరగడం కూడా అంతే వేగంగా సాగింది కాబట్టి మందు లేకుండా చూసినప్పుడు మట్టం తగ్గినట్టు కనిపించింది.

రోగి కణాల్లో తిన్న స్థితి 4.4, మందుతో 4.8. ఆకలిలో 6.3, మందుతో 6.6. తేడాలు 0.4, 0.3 మాత్రమే. ఏదీ సరిగ్గా బయటికి పోవడం లేదు.

ఈ అంకెల్లో నాకు అన్నింటికన్నా విలువైనది 4.4 నుంచి 6.3కు జరిగిన పెరుగుదల. ఆకలి వేయగానే ఈ కణాలు కొత్త మూటలు కడుతూనే ఉన్నాయి. ఎంటార్ వినిపించే సంకేతం బాగుంది, పొర పుట్టడం బాగుంది. కడుతున్నవన్నీ పోగుపడుతున్నాయి, అంతే. ఆటోఫజీ ఎక్కువైందా తక్కువైందా అన్న ప్రశ్నకు ఈ కణాల్లో ఒక్క మాట జవాబు లేదు. మొదటి ఘట్టం మామూలుగా ఉంది, చివరిది ఆగిపోయింది.

అయినా ఆ రోజే నమ్మేయలేదు. ముదురు బ్యాండ్ ఇంకా ముదరడం ఫిల్ముకు తెలియకపోవచ్చు, అప్పుడు నిజంగా ఉన్న తేడా కూడా మాయమవుతుంది. అందుకని అవే నమూనాలను సగం, నాలుగో వంతు పరిమాణంలో మళ్లీ జెల్‌లో వేశాం. బ్యాండ్లు అదే నిష్పత్తిలో పలచబడ్డాయి, కొలత సరైన పరిధిలోనే ఉంది. ఇంకో జాగ్రత్త, ఎల్‌సీ3 రెండు రూపాల నిష్పత్తిని కాకుండా కింది బ్యాండును, కణాల్లో దాదాపు ఒకే స్థాయిలో ఉండే యాక్టిన్ అనే ప్రోటీనుతో పోల్చాం. మొదటి రూపం త్వరగా చెడిపోతుంది, యాంటీబాడీ కూడా రెండింటినీ ఒకేలా పట్టుకోదు.

అడ్డంకి ఎక్కడ

మూట లైసోజోమును చేరలేకపోతోందా? చేరినా కరగడం లేదా? ఈ రెండింటి చికిత్సలూ వేరు. అందుకు ఎల్‌సీ3కి ఎరుపు, ఆకుపచ్చ ప్రోటీన్లు రెండూ తగిలించిన రిపోర్టర్‌ను వాడాం. ఆకుపచ్చది ఆమ్లంలో ఆరిపోతుంది, ఎరుపుది నిలుస్తుంది. కాబట్టి మామూలు మూట రెండు రంగులు కలిసి పసుపుగా కనిపిస్తుంది, పుల్లటి లైసోజోముతో కలిశాక ఎర్రగా మారుతుంది. బతికున్న కణాలనే చూశాం. ఫార్మాలిన్ పోసి స్థిరపరిస్తే లోపలి పులుపు చెదిరి, ఆరిన ఆకుపచ్చ మళ్లీ వెలిగి మోసం చేయవచ్చు.

ఆరోగ్యవంతుల కణాల్లో ఆకలి పెట్టిన రెండో గంటకు ఎర్ర చుక్కలే ఎక్కువ. రోగి కణాల్లో చీకటి గదిలో ఆ తెర మీద మాకు కనిపించినవి దాదాపు అన్నీ పసుపు చుక్కలే. కొన్ని మామూలు కంటే రెండింతలు ఉబ్బి, అంచు మాత్రం మెరుస్తూ ఉంగరాల్లా ఉన్నాయి. పసుపు అంటే చేరలేదని అర్థం కావచ్చు, చేరినా పులుపు లేదని కూడా కావచ్చు. అందుకని లైసోజోము పొర గుర్తు ల్యాంప్1కు వేరే రంగు వేశాం. ఉంగరాల్లో ఎక్కువ భాగం దానితో కలిసిపోయాయి. చేరవేత జరిగింది. లోపల ఆమ్లమే లేదు.

పులుపు కొలవడానికి, పీహెచ్‌ను బట్టి వెలుగు మారే డెక్స్‌ట్రాన్‌ను కణాలకు మింగించి, అది లైసోజోము చేరాక కొలిచాం. ఆరోగ్యవంతుల్లో 4.7, రోగి కణాల్లో 5.8. ఇది చిన్న తేడాలా అనిపిస్తుంది. పీహెచ్ కొలమానం పది రెట్ల మెట్లతో ఉంటుంది కాబట్టి ప్రోటాన్ల గాఢత ఇక్కడ పన్నెండో వంతుకు పడిపోయినట్టు. కాథెప్సిన్ డి అనే ఎంజైమ్ ఆ పులుపులోనే తన తొడుగు వదిలి చురుకైన రూపం ధరిస్తుంది. రోగి కణాల్లో తొడుగు వదలనిదే ఎక్కువ మిగిలింది. జన్యు పరీక్షలో దొరికిన మార్పు ప్రోటాన్ పంపును కూర్చడానికి సాయపడే ఒక ప్రోటీనులో ఉంది, కథ అతికింది. ఆ జన్యువు ఆరోగ్యకరమైన ప్రతిని కణాల్లోకి పంపితే పీహెచ్ 4.9కు దిగింది, బాఫిలోమైసిన్‌తో వచ్చే తేడా తిరిగి కనిపించింది. ఈ చివరి మెట్టు లేకుండా ఏ రోగి కణాల గురించీ కారణం తేల్చకూడదని నా అభిప్రాయం. ఇద్దరు మనుషుల చర్మ కణాల మధ్య తేడాలు వేరే కారణాలతో కూడా చాలా ఉంటాయి.

తిరిగి వచ్చేదాన్ని కొలవడం

ఇంతవరకు కొలిచినదంతా సరుకు ఎక్కడ ఆగిందన్నదే. కణానికి దాని వల్ల నష్టమెంతో ఇంకా చూడలేదు. దానికి ఒక అందమైన మార్గం ఉంది. ఆకలి మొదలైనప్పుడు ఎంటార్ నిద్రపోతుంది. ఆకలి గంటల తరబడి సాగితే, ఆటోఫజీ నుంచి తిరిగి వచ్చిన అమైనో ఆమ్లాలే దాన్ని కొంత మేల్కొలుపుతాయి. బయటి నుంచి ఒక్క అమైనో ఆమ్లం ఇవ్వకపోయినా ఇది జరుగుతుంది. ఎంటార్ మేల్కొందో లేదో, అది ఫాస్ఫేట్ తగిలించే ఎస్6 కైనేజ్‌ను చూసి చెప్పవచ్చు.

ఆరోగ్యవంతుల కణాల్లో రెండో గంటకు ఎస్6 కైనేజ్ మీది ఫాస్ఫేట్ పూర్తిగా పోయింది. ఎనిమిదో గంటకు పలచగా తిరిగి కనిపించింది, పన్నెండో గంటకు ఇంకొంచెం. వాటికి బాఫిలోమైసిన్ ఇస్తే తిరిగి రాలేదు. రోగి కణాల్లో మందు లేకుండానే పన్నెండు గంటలైనా ఖాళీ.

ఇక్కడ విద్యార్థిని మంచి అభ్యంతరం లేవనెత్తింది. ఎంటార్ అమైనో ఆమ్లాలను గుర్తించేది లైసోజోము పొర మీదే, ఆ గుర్తింపులో ప్రోటాన్ పంపుకు పాత్ర ఉంది. పంపు పాడైతే అమైనో ఆమ్లాలు ఉన్నా ఎంటార్‌కు కనిపించకపోవచ్చు కదా? అప్పుడు మేం కొలుస్తున్నది కొరతను కాదు, చూపు లోపాన్ని. పరీక్ష సులభం. ఆకలితో ఉన్న రోగి కణాలకు 20 నిమిషాలు అమైనో ఆమ్లాల మిశ్రమం ఇచ్చాం. ఎస్6 కైనేజ్ ఫాస్ఫేట్ ఆరోగ్యవంతుల స్థాయికి దగ్గరగా వచ్చేసింది. చూపు సరిగానే ఉంది. లోపలి నుంచి సరఫరాయే లేదు. మూటల నిండా ప్రోటీన్ పెట్టుకుని ఆ కణం ఆకలితో ఉంది.

వైద్యులకు చెప్పినది

మధ్యలో వైద్యులు ఇంకో మాట అడిగారు: ఆటోఫజీని పెంచే రాపమైసిన్ లాంటి మందు, లేదా క్రమం తప్పని ఉపవాసం, ముద్దలను శుభ్రం చేస్తాయా? కణాల మీద సమాధానం దొరికింది. ఎంటార్‌ను గట్టిగా ఆపే టోరిన్ ఇచ్చినప్పుడు ఎల్‌సీ3 చుక్కలు ఇంకా పెరిగాయి. పాత లెక్కన చూస్తే అది విజయమే. యుబిక్విటిన్ ముద్దలు ఏమాత్రం తగ్గలేదు. మూడో రోజుకు పళ్లెంలో తేలుతున్న చనిపోయిన కణాలు స్పష్టంగా ఎక్కువయ్యాయి. తిరగని మరకు ఇంకా గింజలు పోసినట్టయింది. కణాల ఫలితాన్ని మనిషికి అన్వయించడానికి పరిమితులున్నాయి, కండర కణం చర్మ కణం కాదు. అయినా ఈ లోపంలో ఆటోఫజీని ప్రేరేపించడం ఉపయోగపడుతుందనే ఆధారం మా దగ్గర లేదని, నష్టం జరగవచ్చనే సూచన ఉందని రాసి పంపాం. వారు ఆ ఆలోచన మానుకున్నారు.

ఇప్పుడు వేరుగా చేస్తున్నవి

మా దగ్గర ఇప్పుడు బాఫిలోమైసిన్ ఉన్న, లేని జత లేకుండా ఎల్‌సీ3 బ్లాట్ ఎవరూ బల్ల మీద పెట్టరు. పీ62 పెరిగిందంటే ఎంఆర్ఎన్ఏ కొలుస్తాం, ఎంఆర్ఎన్ఏ పెరుగుదల ప్రోటీన్ పెరుగుదలకు సరిపోతుందో లేదో కూడా చూస్తాం. మా కేసులో ఆ రెండు అంకెలు మొదటి నెలలోనే పక్కపక్కన ఉన్నాయి.

ఆకలి పెట్టి మైటోకాండ్రియా తగ్గలేదని ఫిర్యాదు చేసేవారికి ఇంకో మాట చెబుతుంటాను. ఆకలిలో కణం ముందు చేతికి దొరికిన కణద్రవ్యాన్ని తింటుంది. మైటోకాండ్రియాలను ముక్కలుగా కోసే డీఆర్‌పీ1 ఆకలిలో ఫాస్ఫేట్ తగిలి పని ఆపుతుంది. అవి ఒకదానితో ఒకటి కలిసి పొడవాటి దారాలవుతాయి. అంత పొడవు మూటలో పట్టదు. ఆకలి వేళ శక్తినిచ్చే వాటిని కణం అలా కాపాడుకుంటుంది. పాడైన మైటోకాండ్రియాను ఎంచి పారేసే పని వేరే గుర్తులతో జరుగుతుంది, దాన్ని పరీక్షించాలంటే వాటికే నష్టం కలిగించి చూడాలి, ఆకలి ఒక్కటే చాలదు. మా రోగి కణాల్లో కూడా ఆకలి పెట్టినప్పుడు మైటోకాండ్రియా మామూలుగానే పొడవు సాగాయి. ఆ భాగం చెక్కుచెదరలేదు.

ముద్దల విషయంలో మాత్రం ఇప్పటికీ నాకు పూర్తి తృప్తి లేదు. ఆరోగ్యకరమైన జన్యువు ఇచ్చిన కణాలను విభజన చెందకుండా ఒత్తుగా పెంచి, పది రోజుల తర్వాత చూశాం. విభజన చెందితే ముద్దలు రెండు పిల్ల కణాలకు పంచుకుపోయి తగ్గినట్టు కనిపిస్తాయి, అందుకే ఆ జాగ్రత్త. చిన్న ముద్దలు దాదాపు పోయాయి. కానీ కొన్ని కణాల్లో కేంద్రకం పక్కనే ఒక పెద్ద ముద్ద అలాగే ఉంది. కొలిస్తే అడ్డంగా నాలుగు మైక్రోమీటర్లు. దాని చుట్టూ ఎల్‌సీ3 పలచగా చేరింది, అక్కడక్కడా అంచు నుంచి చిన్న ముక్కలు విడివడి పుల్లటి లైసోజోముల వైపు వెళ్లినట్టు ఎర్రగా కనిపించాయి. ముద్ద మాత్రం ఒక్క మూటలో పట్టే పరిమాణం దాటిపోయింది. ఆ పళ్లేలను ఇంకా ఉంచాం. వారానికోసారి విద్యార్థిని అదే కణాన్ని వెతికి పట్టుకుని, అదే ముద్దను మళ్లీ కొలుస్తోంది.